ఒక గడిలో ఒక్క మాట: తాడిపత్రి బండల డేటా షీట్‌లో ‘సెన్సిబుల్’ తెచ్చిన నష్టం

అనంతపురంలో ఉంటూ చుట్టుపక్కల యూనిట్ల ఇంగ్లీషు ఉత్తరాలు, కొటేషన్లు, డేటా షీట్లు చూసి పెట్టడం నా పని. కొందరికి నేనే రాసిస్తాను. ఎక్కువమంది తాము రాసుకున్నది పంపిస్తారు, నేను దిద్ది పంపుతాను. ఈ కేసు తాడిపత్రిలో నల్ల బండలు పాలిష్ చేసి ఎగుమతి చేసే ఒక యూనిట్‌ది. యజమాని అనుమతితో రాస్తున్నాను. యూనిట్ పేరు, కొనుగోలుదారు పేరు చెప్పడం లేదు.

ఒక రోజు సాయంత్రం యజమాని నుంచి ఫోన్ వచ్చింది. “మేడం, బ్రిటన్ పార్టీ నుంచి మెయిల్ వచ్చింది. ఫోటోలు పెట్టినారు. బండలు పాడైపోయినాయంట. డబ్బులు వెనక్కి అడుగుతాండారు. మీరొకసారి చూడండి” అన్నారు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. మెయిల్ నాకు పంపించారు. ఫోటోల్లో నిగనిగలాడే నల్లని వంటగట్టు, దాని మీద గ్లాసు అడుగు ఆకారంలో తెల్లటి వలయాలు, ఒక మూల చెయ్యంత వెడల్పున పాలిపోయిన మచ్చ. పదకొండు ఇళ్ల నుంచి ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయని రాశారు.

ఆ మచ్చలేమిటో రాయలసీమలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కడప బండ అని పిలిచే ఈ నల్ల రాయి సున్నపురాయి జాతి. అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ లాంటి పుల్లనివి పడి కాసేపు నిలిస్తే ఆ పులుపు రాతి పైపొరను తినేస్తుంది. పాలిష్ పోయిన చోట నలుపు పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. అది మరక కాదు, కడిగితే పోదు. అందుకే మన ఇళ్లలో పులుపు పడగానే తుడిచేస్తాం, అప్పుడప్పుడు నూనె రుద్దుతాం. “వాళ్లకు తెలీదా మేడం, నిమ్మకాయ పడితే మచ్చ అవుతాదని?” అని యజమాని అడిగారు. తెలియకపోవచ్చు. తెలియనివాళ్లకు చెప్పడానికే కదా డేటా షీట్. అందుకే ముందు షీట్ తెప్పించుకున్నాను.

షీట్ ఒకే పేజీ. పైన రాయి పేరు, మందాలు, సైజులు. మధ్యలో రెండు వరుసల పట్టిక. ఎడమవైపు ఎక్కడ వాడవచ్చో, కుడివైపు దాని గురించి ఒక మాట. హాలు నేల అన్నదానికి ఎదురుగా ‘సూటబుల్’. ఆరుబయట నేలకు ‘రికమెండెడ్’. బాత్రూమ్‌కు ‘సూటబుల్ విత్ సీలర్’. కిచెన్ వర్క్‌టాప్‌కు ఎదురుగా ఒకే ఒక్క మాట: ‘సెన్సిబుల్’.

అది చూడగానే విషయం సగం అర్థమైంది. కొనుగోలుదారుల కేటలాగ్ తెరిస్తే మిగతా సగం కూడా తెలిసింది. అందులో మన రాయి ఫోటో కింద ‘ఎ సెన్సిబుల్ చాయిస్ ఫర్ కిచెన్స్’ అని ఉంది. అంటే వంటింటికి ఇది తెలివైన ఎంపిక, సబబైన ఎంపిక అని. యూనిట్ వాళ్లు చెప్పాలనుకున్నది దీనికి పూర్తిగా ఎదురు. వంటింట్లో ఈ రాయి సున్నితం, జాగ్రత్తగా వాడాలి అన్నది వాళ్ల ఉద్దేశం. అందుకు రావాల్సిన మాట ‘సెన్సిటివ్’.

ఈ రెండు మాటల తేడా తెలియని క్లర్కు ఎవరూ ఉండరు. ‘సెన్స్ ఉన్న మనిషి’ అన్న అర్థంలో సెన్సిబుల్ అంటాం. ‘అబ్బాయి చాలా సెన్సిటివ్, ఊరికే ఏడుస్తాడు’ అంటాం. తెలుగులో మాట్లాడేటప్పుడు కూడా ఈ రెండూ ఎప్పుడూ తారుమారు కావు. మరి షీట్‌లోకి ఎలా వచ్చింది? ఆ యూనిట్‌లో ఎగుమతి కాగితాలు చూసే కుర్రాణ్ని అడిగాను. బీకాం చదివినవాడు, ఇంగ్లీషు బాగానే రాస్తాడు. “నాయనా, ఈ మాట నువ్వు రాసిందేనా?” అన్నాను. “లేదు మేడం, పాత షీట్‌లో ఉన్నదే. నేను పొట్టిగా చేసినానంతే” అన్నాడు. పాత షీట్ కూడా తెప్పించాను.

పాత షీట్ నాలుగు పేజీలు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘పాలిష్డ్ సర్ఫేస్ ఈజ్ సెన్సిబుల్ టు యాసిడ్స్ సచ్ యాజ్ లెమన్ అండ్ వెనిగర్.’ ఆ వాక్యం కూడా ఎక్కడిదో వెతికితే దొరికింది. యూనిట్ వాళ్లు పాలిష్‌కు వాడే ఒక రసాయనం ఇటలీ నుంచి వస్తుంది. దానితో పాటు వచ్చిన ఇంగ్లీషు కరపత్రంలో ఇదే వాక్యం ఉంది. ఇటాలియన్‌లో ‘సెన్సిబిలే’ అంటే సున్నితమైన అని అర్థం. ఫ్రెంచ్, స్పానిష్, జర్మన్ భాషల్లోనూ దాదాపు ఇలాగే కనిపించే మాటకు అదే అర్థం. ఇంగ్లీషులో మాత్రం ఆ రూపం వివేకం వైపు వెళ్లింది. కాబట్టి ఐరోపా కంపెనీలు రాసిన ఇంగ్లీషు కాగితాల్లో ఈ తప్పు తరచు కనిపిస్తుంది. తప్పు చేసింది మనవాళ్లు కాదు, దిగుమతి చేసుకున్నారు. అచ్చులో ఉన్నది, పైగా విదేశీ కంపెనీది అనే నమ్మకంతో ఎవరూ అనుమానించలేదు. స్పెల్ చెక్ కూడా పట్టుకోలేదు. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి దానికి తప్పేమీ కనిపించదు.

ఈ కేసులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇక్కడే ఉంది. ఆ నాలుగు పేజీల షీట్ ఏళ్ల తరబడి ఎన్నో దేశాలకు వెళ్లింది. ఏ గొడవా రాలేదు. మాట తప్పే, కానీ వాక్యం దాన్ని కాపాడింది. ‘సెన్సిబుల్’ తర్వాత ‘టు’ ఉంది, ఆ తర్వాత యాసిడ్ ఉంది, నిమ్మకాయ ఉంది. చదివే బ్రిటన్ మనిషి ఒక్క క్షణం ఆగి, ‘ఓహో, సెన్సిటివ్ అనబోయి ఇలా రాశారు’ అని సర్దుకుంటాడు. నెల్లూరాయన తెలుగులో ఏదైనా మాట తేడాగా అంటే మనం సర్దుకున్నట్టే. కుర్రాడు నాలుగు పేజీలను ఒక పేజీగా కుదించినప్పుడు వాక్యం పోయి మాట ఒక్కటే మిగిలింది. ‘టు’ పోయింది, యాసిడ్ పోయింది. గడిలో ఒంటరిగా నిలబడ్డ మాటకు పక్కన సాయం చేసే మాటలు లేవు. పైగా మిగతా గడుల్లో అన్నీ మెచ్చుకోలు మాటలే: సూటబుల్, రికమెండెడ్. వాటి వరుసలో సెన్సిబుల్ కూడా మెచ్చుకోలుగానే చదువుకుంటారు. కొనుగోలుదారుల కేటలాగ్ రాసినవాళ్లు చేసింది అదే. వాళ్లను తప్పు పట్టలేం.

అప్పటినుంచి నేను ఉత్తరాల కంటే పట్టికలనే ముందు చదువుతున్నాను. సబ్జెక్ట్ లైన్లు, పట్టిక గడులు, డబ్బాల మీద అంటించే లేబుళ్లు, ఇన్వాయిస్‌లో ‘రిమార్క్స్’ అనే చోటు. వీటిలో మాట ఒంటరిగా ఉంటుంది. దగ్గరి పోలిక ఉన్న విశేషణం అక్కడ పడితే సరిచేసే వాక్యం చుట్టూ ఉండదు.

మళ్లీ మెయిల్ సంగతి. జవాబు రాయాలి. కుర్రాడు చిత్తుప్రతి రాసి పంపించాడు. మర్యాదగా, బాధ్యతగా రాశాడు. మధ్యలో ఒక వాక్యం చూసి మాత్రం నాకు గుండె ఝల్లుమంది. షీట్ ఒకే పేజీకి కుదించాం, అందువల్ల వివరం తగ్గింది అని చెప్పడానికి, ‘మా కొత్త షీట్‌లో సమాచారం విషయంలో మేము ఎకనామికల్‌గా ఉన్నాం’ అన్న అర్థంలో ఇంగ్లీషు వాక్యం రాశాడు. తెలుగులో ఆలోచిస్తే తప్పేముంది? మాటలు పొదుపుగా వాడాం అంతే. కానీ బ్రిటన్‌లో ఆ మాటకు వేరే చరిత్ర ఉంది. 1986లో ఆస్ట్రేలియా కోర్టులో ఒక పుస్తకం ప్రచురణ ఆపించడానికి బ్రిటన్ ప్రభుత్వం వేసిన కేసులో, ఆ ప్రభుత్వ ఉన్నతాధికారి రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ సాక్ష్యం చెబుతూ ‘ఎకనామికల్ విత్ ద ట్రూత్’ అన్న మాట వాడారు. అంతకుముందూ ఆ తరహా మాట ఉంది కానీ, అప్పటినుంచి బాగా ప్రచారంలోకి వచ్చింది. ఎవరైనా నిజం విషయంలో ఎకనామికల్‌గా ఉన్నారంటే, అబద్ధం చెప్పలేదు గానీ చెప్పాల్సింది దాచారని. నష్టపరిహారం అడుగుతున్న మనిషికి ‘మేము సమాచారంలో ఎకనామికల్‌గా ఉన్నాం’ అని రాస్తే, దాచిపెట్టామని మనమే ఒప్పుకున్నట్టు చదువుకుంటారు. దాని స్థానంలో, ‘పాత షీట్‌లో ఉన్న యాసిడ్ హెచ్చరిక కొత్త షీట్‌లో ఒకే మాటగా మారింది, ఆ మాట కూడా తప్పు’ అని నేరుగా రాయించాను. రెండు షీట్లూ జత చేయించాను. పాత షీట్ మనకు సాక్ష్యం కూడా. దాచే ఉద్దేశం ఉంటే నాలుగేళ్లుగా హెచ్చరిక ఎందుకు పంపుతారు?

ఎకనామికల్ కనిపించేసరికి, ఎకనామిక్ ఎక్కడుందో చూడాలనిపించింది. ఈ రెండూ జంటగా తిరుగుతాయి. ఆ కొనుగోలుదారుతో నడిచిన మెయిళ్లన్నీ అడిగి తీసుకుని వెనక నుంచి చదివాను. ఏడాది క్రితం మార్చిలో యూనిట్ పంపిన మెయిల్ ఒకటి ఉంది. ‘ఏప్రిల్ నుంచి అన్ని సైజులకు మీకు ఎకనామిక్ ప్రైస్ ఇస్తాం’ అని దాని సారాంశం. వాళ్లు చెప్పదలచుకున్నది తగ్గింపు. కొత్త పాలిషింగ్ లైన్ పెట్టారు, ఖర్చు తగ్గింది, ఆ లాభంలో కొంత కొనుగోలుదారుకు ఇద్దామనుకున్నారు. అటువైపు నుంచి వచ్చిన జవాబు చూసి యజమానికి అప్పట్లో అర్థం కాలేదట. ‘ధరల మార్పు గురించి ముందే చెప్పినందుకు థ్యాంక్స్. ఎంత శాతం పెరుగుతుందో తెలియజేయండి’ అని ఉంది. “తగ్గిస్తామంటే పెరుగుతుందంటారేమి అనుకున్నాం మేడం. పొరపాటున రాసినారేమోలే అని వదిలేసినాం” అన్నారు.

వాళ్లు పొరపాటున రాయలేదు. వ్యాపార ఇంగ్లీషులో, ముఖ్యంగా బ్రిటన్ వాడుకలో, ‘ఎకనామిక్ ప్రైస్’ అంటే అమ్మేవాడికి ఖర్చులన్నీ పోను నిలబడగలిగేంత లాభం మిగిల్చే ధర. ‘ఎకనామిక్ రెంట్’ అని కూడా అదే అర్థంలో వాడతారు. దీనికి తెలుగులో అచ్చమైన మాట ఉంది, అనంతపురం జిల్లాలో పిల్లలకు కూడా తెలిసిన మాట. గిట్టుబాటు ధర. వేరుశనగ రైతు గిట్టుబాటు ధర కావాలని అడిగితే, ధర తగ్గించమని అడుగుతున్నాడని ఎవరూ అనుకోరు. యూనిట్ వాళ్లు ‘ఏప్రిల్ నుంచి మీకు గిట్టుబాటు ధరకు అమ్ముతాం’ అని రాసినట్టయింది. అంటే ఇప్పటిదాకా గిట్టుబాటు కాకుండా అమ్మాం, ఇకముందు అలా కుదరదు అని. కొనేవాడు ‘ఎంత పెరుగుతుంది’ అని అడగక ఏమడుగుతాడు?

ఈ పోలిక చెప్పినప్పుడు యజమాని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఇంత సులభంగా చెప్పొచ్చా దీన్ని” అన్నారు. ఆ జంట విషయంలో నేను ఇప్పుడు ఎవరికైనా ముందుగా చెప్పేది ఇదే. ఎకనామిక్ అన్నది ఒకటి దేశ ఆర్థిక వ్యవస్థకు సంబంధించినది, లేదా గిట్టుబాటు అయ్యేది. ఎకనామికల్ అన్నది పొదుపైనది, తక్కువ ఖర్చుతో ఎక్కువ పని చేసేది. తక్కువ డీజిల్ తాగే జనరేటర్ ఎకనామికల్. అది నడిపే క్వారీ లాభాల్లో ఉంటే ఆ క్వారీ నడపడం ఎకనామిక్. మన దగ్గర ఈ రెండు కలిసిపోవడానికి కారణం తెలుగులోనే ఉంది. ‘ఆర్థికం’ అనే ఒక్క మాటతో డబ్బుకు సంబంధించినవన్నీ చెప్పేస్తాం. ‘ఆర్థికంగా బాగుంటుంది’ అంటే ఖర్చు తక్కువ అని కావచ్చు, లాభం వస్తుందనీ కావచ్చు. ఆ ఆలోచనతో ఇంగ్లీషుకు వెళితే చేతికి ముందు దొరికే మాట ఎకనామిక్. చిన్నగా ఉంటుంది, పేపర్లో రోజూ కనిపిస్తుంది.

అలాగని మెయిల్‌లో ఎకనామిక్ తీసేసి ఎకనామికల్ పెడితే సరిపోతుందా? ‘ఎకనామికల్ ప్రైస్’ అన్నది మన దేశంలో ధారాళంగా వాడతాం, అర్థమవుతుంది కూడా. బ్రిటన్ మనిషి చెవికి అది కొంచెం అతకనట్టు ఉంటుంది. పొదుపు అనే గుణం వస్తువుకో పద్ధతికో ఉంటుంది, ధరకు కాదు. కారు ఎకనామికల్, వంట పద్ధతి ఎకనామికల్. ధర అయితే తక్కువ, లేదా పోటీగా ఉన్నది. ఇలాంటి చోట నేను విశేషణం మార్చడం మానేసి అంకె రాయిస్తాను. ‘ఏప్రిల్ 1 నుంచి చదరపు మీటరు ధరలో 4 శాతం తగ్గింపు’ అని రాస్తే ఏ దేశం మనిషికీ రెండో అర్థం రాదు. ఇదే యూనిట్ ‘ఎకనామికల్ ప్యాకింగ్’ అని ఇంకో చోట రాసింది. మాట సరైనదే, వ్యాకరణం సరైనదే. కానీ బండలు సముద్రం దాటి వెళ్తున్నాయి. కొనేవాడికి పొదుపు ప్యాకింగ్ అంటే పగుళ్లు గుర్తుకొస్తాయి. అక్కడ కూడా చెక్క పెట్టె కొలత, బండల మధ్య పెట్టే ఫోమ్ షీట్ మందం రాయించాను.

మూడో జంట హిస్టారిక్, హిస్టారికల్. ఇది ఒకే ఒక్క చోట కనిపించింది, అంత నష్టం చేయలేదు. ‘ఫ్రైట్ ఇప్పుడు హిస్టారిక్ స్థాయిలో ఉంది’ అని ఒక మెయిల్‌లో ఉంది. ఓడ కిరాయి మళ్లీ పాత స్థాయికి దిగివచ్చింది అన్నది వాళ్ల ఉద్దేశం. హిస్టారిక్ అంటే చరిత్రలో నిలిచిపోయేంత గొప్పది. 2021లో కంటెయినర్ కిరాయిలు ఎవరూ చూడనంత ఎత్తుకు వెళ్లిన అనుభవం అందరికీ ఉంది కాబట్టి, అటువైపు మనిషి మళ్లీ అలాంటిదే వచ్చిందనుకుని ‘అయితే సరుకు వచ్చే క్వార్టర్‌కు వాయిదా వేద్దామా’ అని అడిగారు. ఇక్కడ తెలుగు మనకు సాయం చేస్తుంది. చరిత్రాత్మక విజయం అంటాం, చారిత్రక కట్టడం అంటాం. మొదటిది హిస్టారిక్, రెండోది హిస్టారికల్ అనుకుంటే చాలావరకు సరిపోతుంది. చారిత్రక ఆధారాలు, చారిత్రక నవల లాంటివాటిలో చరిత్రకు సంబంధించినది అనే అర్థమే, గొప్పతనం సంగతి లేదు. ఒక్క చోట జాగ్రత్త పడాలి. తాడిపత్రిలో పెన్న ఒడ్డున ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయాన్ని మనం చారిత్రక ఆలయం అంటాం, ఇంగ్లీషువాళ్లు హిస్టారిక్ టెంపుల్ అంటారు. పాత కట్టడం ప్రసిద్ధమైనదైతే వాళ్లు దాన్ని హిస్టారిక్ లెక్కలోనే వేస్తారు. యూనిట్ ప్రొఫైల్‌లో ఆ ఆలయం గురించి ఒక వాక్యం ఉంది, అది మార్చాను.

ఇప్పుడు నేను ఏదైనా ఫైలు చేతికి వస్తే చేసే పని చెబుతాను. చదవడం కంటే ముందు వెతుకుతాను. చదివేటప్పుడు కన్ను తనకు కావాల్సిన మాటనే చూస్తుంది. సెన్సిబుల్ ఉన్న చోట సెన్సిటివ్ అని చదివేసుకుని ముందుకెళ్లిపోతుంది. వెతుకులాటలో అలా జరగదు. వర్డ్‌లో గానీ బ్రౌజర్‌లో తెరిచిన మెయిల్‌లో గానీ `Ctrl+F` కొట్టి ఈ నాలుగూ ఒక్కొక్కటిగా టైప్ చేస్తాను.

```
sensib
sensitiv
economic
historic
```

పూర్తి మాట కాకుండా మొదలు మాత్రమే ఇవ్వడానికి కారణం ఉంది. మూడోది వెతికితే ఎకనామిక్, ఎకనామికల్, ఎకనామికల్లీ, వాటికి వ్యతిరేకమైన అన్‌ఎకనామిక్ కూడా పట్టుబడతాయి. దొరికిన ప్రతిచోటా ఆగి, ఆ మాటను మనసులో తెలుగులో చెప్పుకుంటాను. సున్నితమా, సబబా? గిట్టుబాటా, పొదుపా, దేశ ఆర్థికమా? చరిత్రాత్మకమా, చారిత్రకమా? తెలుగు మాట తట్టకపోతే రాసినవాళ్లకు ఫోన్ చేసి అడుగుతాను. ఊహించి దిద్దను. ఊహించి దిద్దడం ఎంత ప్రమాదమో ఆ కేటలాగే సాక్ష్యం. అక్కడివాళ్లు ఊహించి ఒక మాటను వాక్యంగా పెంచారు.

ఒక చిన్న పరీక్ష కూడా ఉంది. విశేషణం ముందు ‘వెరీ’ పెట్టి చూడటం. ‘వెరీ ఎకనామికల్ జనరేటర్’ అనవచ్చు. ‘వెరీ ఎకనామిక్ క్రైసిస్’ అనలేం. ఆర్థిక సంక్షోభంలో ఎక్కువ ఆర్థికం, తక్కువ ఆర్థికం ఉండదు. ‘వెరీ హిస్టారికల్ డేటా’ కూడా అంతే, కుదరదు. పొదుపు, ప్రాముఖ్యం లాంటి కొలవగలిగే గుణాలకు ‘వెరీ’ అతుకుతుంది, ఫలానా రంగానికి చెందినది అనే విభజనకు అతకదు. కానీ ఈ పరీక్ష సెన్సిబుల్, సెన్సిటివ్‌ల దగ్గర పనికిరాదు. రెండూ గుణాలే, రెండింటికీ ‘వెరీ’ హాయిగా అతుకుతుంది. వాటికి చూడాల్సింది తర్వాత వచ్చే ‘టు’. దేనికి సున్నితం అన్నది చెప్పాలంటే ‘సెన్సిటివ్ టు’ రావాలి. సెన్సిబుల్ తర్వాత వస్తువు పేరుతో ‘టు’ వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ తప్పే. మన పాత షీట్‌లో ఈ గుర్తు ఉంది, ఎవరూ చూడలేదు. కొత్త షీట్‌లో గుర్తు కూడా లేదు.

క్రియావిశేషణంగా మారినప్పుడు మాత్రం రెండో జంటలోనూ, మూడో జంటలోనూ తేడా కనిపించదు. ఎకనామిక్ నుంచైనా, ఎకనామికల్ నుంచైనా వచ్చేది ఎకనామికల్లీ ఒక్కటే. హిస్టారికల్లీ కూడా అంతే. కాబట్టి అక్కడ దిద్దడానికి ఏమీ ఉండదు. అర్థం రెండు వైపులా పోయే అవకాశం ఉంటే వాక్యమే మార్చాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. కొన్ని మాటలు ఆయా రంగాల్లో బిగిసిపోయాయి, వాటిని ముట్టుకోకూడదు. స్టాకు లెక్కల్లో ‘ఎకనామిక్ ఆర్డర్ క్వాంటిటీ’ అని ఉంటుంది. ఒక్కసారికి ఎంత సరుకు తెప్పిస్తే తెప్పించే ఖర్చు, నిల్వ ఖర్చు కలిపి అన్నిటికంటే తక్కువ అవుతుందో ఆ పరిమాణం. అర్థం పొదుపుకు దగ్గరే అయినా పేరు ఎకనామిక్‌తోనే స్థిరపడింది. మా దగ్గర ఒక ఆడిటర్ గారి నోట్‌లో ‘హిస్టారికల్ కాస్ట్’ అని ఉంటే, ఒక శిష్యురాలు దాన్ని ‘హిస్టారిక్’ చేయాలా అని అడిగింది. ఆస్తి కొన్నప్పటి ధరను చెప్పే మాట అది. మన లెక్కల్లో హిస్టారికల్ అనే రాస్తారు, బ్రిటన్‌లో హిస్టారిక్ కాస్ట్ అని కూడా అదే అర్థంలో రాస్తారు. అక్కడ గొప్పతనం ఊసే లేదు. ఆడిటర్ ఏది రాస్తే అది ఉంచాలి, ఒకే కాగితంలో రెండూ కలవకుండా చూడాలి. అంతే. అలాగే ‘సెన్సిటివ్’కు ఆఫీసుల్లో ఇంకో అర్థం ఉంది, బయటపెట్టకూడనిది అని. సెబీ నిబంధనల్లో ‘ప్రైస్ సెన్సిటివ్ ఇన్ఫర్మేషన్’ అన్నది షేరు ధరను కదిలించగల సమాచారం. నల్ల బండల షీట్‌కు దీనితో పని లేదు గానీ, లిస్టెడ్ కంపెనీలకు రాసేవాళ్లు ఆ మాటను ఊరికే ‘సున్నితమైన ధర’ అనుకుని వాడకూడదు.

కొత్త షీట్ రాయడానికి నేను, ఆ కుర్రాడు ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. అతను ముందు గడిలో సెన్సిటివ్ అని దిద్దాడు. నేను ఆపాను. మాట సరైనదే, కానీ గడిలో ఒంటరిగా ఉంటే దేనికి సున్నితమో ఎవరికి తెలుస్తుంది? వేడికా, బరువుకా, నీళ్లకా? “మరి ఏం రాయాల మేడం?” అన్నాడు. “మీ అమ్మ వంటగట్టు మీద నిమ్మకాయ పిండుకుంటే నువ్వేమంటావు? అది రాయి” అన్నాను. కాసేపు ఆలోచించి, మొదట తెలుగులో రాశాడు: ‘పులుపు పడితే తెల్లమచ్చ వస్తుంది. తుడిస్తే పోదు. మళ్లీ పాలిష్ చేయాలి.’ అదే ఇంగ్లీషులోకి మార్చాం. ఆ గడి ఇప్పుడు మూడు వాక్యాలు. పుల్లని పదార్థాలు పాలిష్ పొరను తింటాయని, అది కడిగితే పోదని, వంటగట్టుకు వాడాలనుకుంటే నిగనిగ పాలిష్ బదులు హోన్డ్ ఫినిష్ తీసుకోమని. హోన్డ్ అంటే మెరుపు లేకుండా నున్నగా చేసినది. దానిలోనూ మచ్చ పడుతుంది, కానీ చుట్టూ మెరుపు ఉండదు కాబట్టి అంత కనబడదు. సీలర్ గురించి కూడా చేర్చాం. నూనె, రంగు లోపలికి ఇంకకుండా సీలర్ ఆపుతుంది గానీ పులుపు తినడాన్ని ఆపలేదు. బాత్రూమ్ గడిలో ‘విత్ సీలర్’ అని చూసినవాళ్లు సీలర్ రాస్తే వంటింట్లో కూడా చాలని అనుకోవచ్చు, అందుకని.

షీట్ ఒక పేజీ దాటి రెండో పేజీకి వెళ్లింది. యజమానికి మొదట నచ్చలేదు. “మచ్చలు పడుతుందని మనమే పెద్దగా రాసుకుంటే కొంటారా మేడం?” అన్నారు. ఆ ప్రశ్న సరైనదే, నేను తేలిగ్గా తీసుకోలేదు. నేల కోసం కొనేవాళ్లకు ఆ గడితో పని లేదు. ఈ యూనిట్ ఎగుమతిలో ఎక్కువ భాగం నేలకు వెళ్లేదే. గొడవ వచ్చిన కంటెయినర్‌లో ఉన్న సుమారు 450 చదరపు మీటర్లలో వంటగట్లుగా కోసింది 40 మీటర్ల లోపే. ఆ 40 మీటర్ల కోసం మొత్తం పార్టీ పోయేలా ఉంది. ఈ లెక్క ఆయనే వేసుకుని, “సరే, పెట్టండి” అన్నారు.

కొనుగోలుదారుతో నెలన్నర ఉత్తరాలు నడిచాయి. పాత షీట్, కొత్త షీట్ పక్కపక్కన పెట్టి పంపడం పని చేసింది. అవతలివాళ్లు తమ కేటలాగ్‌లో వాక్యాన్ని తామే పెంచి రాసుకున్నామని ఒప్పుకున్నారు. మచ్చలు పడ్డ గట్లకు అక్కడే మళ్లీ పాలిష్ తీసి హోన్డ్ చేయించారు. దానికైన ఖర్చులో సగం యూనిట్ భరించి, తర్వాతి ఇన్వాయిస్‌లో క్రెడిట్ నోట్‌గా ఇచ్చింది. కొత్త కేటలాగ్‌లో ఆ రాయిని వంటింటి పేజీ నుంచి తీసి నేలల పేజీలో పెట్టారు.

పోయిన వారం ఆ కుర్రాడు ఇంకో ఫైలు పంపాడు, కొత్త ప్యాకింగ్ లేబుల్. పెట్టె మీద ఎర్ర అక్షరాల్లో ఒకే మాట వేయాలట, ‘సెన్సిటివ్’ అని. కింద తనే చిన్నగా ప్రశ్న రాశాడు: “దేనికి అని కూడా రాయాలా మేడం?”